రోజుకు ఎనిమిది కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకు మినరల్ ఆయిలా, సెమీ సింథటికా, ఫుల్లీ సింథటికా?

ఫుల్లీ సింథటిక్ ఆయిల్ అమ్మేటప్పుడు ముందుగా చెప్పే మాట, ఎక్కువ కిలోమీటర్లు వస్తుందని. పదిహేను వేలు వస్తుందనే అనుకుందాం. మీ కారు ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి, మధ్యలో కూరగాయలకు తప్ప కదలదు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. అంటే ఆ ఆయిల్ ఐదేళ్లు రావాలి. ఐదేళ్లు ఒకే ఆయిల్‌తో ఏ ఇంజిన్నీ నడపకూడదు. మరి ఆ ఎక్కువ డబ్బు దేనికి పెడుతున్నట్టు?

కొంతమందికి ఆ డబ్బు వృథానే. కొంతమందికి మాత్రం అసలు లాభం డబ్బా మీద రాసినచోట కాకుండా వేరేచోట ఉంటుంది. మీరు ఏ కోవలోకి వస్తారో తెలియాలంటే, దగ్గరి ప్రయాణాల్లో ఆయిల్ ఎలా పాడవుతుందో ముందు చూడాలి.

## చిన్న ప్రయాణం ఆయిల్‌ని ఎలా పాడుచేస్తుంది

ఆయిల్ వేడికి మాడి పాడవుతుందని మనం అనుకుంటాం. హైవే మీద గంటల తరబడి పరిగెత్తే బండి విషయంలో అది నిజమే. నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆగే బండిలో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ ఆయిల్‌కి సరిపడా వేడే అందదు.

లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. అందులో చాలావరకు ఆవిరిగా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. కానీ చల్లగా ఉన్న ఇంజిన్‌లో పిస్టన్ రింగులు ఇంకా సరిగ్గా బిగుసుకోవు కాబట్టి కొంత ఆవిరి పిస్టన్ పక్క నుంచి కిందికి జారి, చల్లటి లోహానికి తగిలి నీటి చుక్కలుగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోల్ సంగతీ ఇంతే. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో ఇంజిన్ కాస్త ఎక్కువ పెట్రోల్ తాగుతుంది. మండకుండా మిగిలింది సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. నీరు ఆమ్లాలు పుట్టడానికి, మడ్డి పేరుకోవడానికి దారి తీస్తే, పెట్రోల్ ఆయిల్‌ని పలచబరుస్తుంది.

ఆయిల్ బాగా వేడెక్కి కాసేపు ఆ వేడిలోనే ఉంటే ఈ రెండూ ఆవిరై బయటికి పోతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మీటర్లో టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిందంటే వేడెక్కింది కూలెంట్ మాత్రమే. ఆయిల్ దాని వెనకాల నింపాదిగా వస్తుంది. కూలెంట్‌కి ఐదు పది నిమిషాలు చాలు. ఆయిల్‌కి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, చలిలో ఇంకా ఎక్కువే. మీ ప్రయాణం పన్నెండు నిమిషాలే అయితే, ఆయిల్ సగం వేడెక్కేసరికి మీరు పార్కింగ్‌లో ఉంటారు. నీరు, పెట్రోల్ లోపలే ఉండిపోతాయి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇంకొంచెం చేరుతుంది.

ఈ నీటిని, పెట్రోల్‌ని ఆపే గుణం మూడు రకాల ఆయిల్స్‌లో దేనికీ లేదు. వచ్చిన ఆమ్లాన్ని చంపే రసాయనాలు, మడ్డిని ముద్ద కట్టనివ్వకుండా తేలియాడించే రసాయనాలు మూడింటిలోనూ ఉంటాయి. అవి మంచి సింథటిక్‌లో కాస్త ఎక్కువ ఉండొచ్చు. అంతేగానీ ఫుల్లీ సింథటిక్ పోశాం కదా అని నీరు చేరడం మానదు.

## ఎంచుకునేముందు చూడాల్సినవి

మాన్యువల్‌లో రాసిన గ్రేడ్, ప్రమాణం. గ్రేడ్ అంటే ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే అంకెలు. మినరలా సింథటికా అన్న ప్రశ్న దీని తర్వాతే. మాన్యువల్ 0డబ్ల్యూ-20 అడిగితే మినరల్ అన్న ఎంపిక మీకు దాదాపు లేనట్టే. చలిలో అంత పలచగా పారుతూ, వేడిలో ఆవిరైపోకుండా నిలబడే ఆయిల్‌ని మామూలు మినరల్ బేస్‌తో చేయడం కుదరదు. పాత కారు మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30 లేదా 20డబ్ల్యూ-40 ఉంటే మూడు దారులూ తెరిచే ఉంటాయి. గ్రేడ్ పక్కనే ఏపీఐ ఎస్‌ఎన్, ఎస్‌పీ లాంటి అక్షరాలు ఉంటాయి. ఏపీఐ అంటే ఈ ప్రమాణాలు పెట్టే అమెరికా పెట్రోలియం సంస్థ. రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ ప్రమాణం కొత్తది. ఎస్‌ఎన్ 2010 నాటిది, ఎస్‌పీ 2020లో వచ్చింది. పెట్రోల్ కారు ఎస్‌ఎన్ అడిగితే ఎస్‌పీ పోయొచ్చు, ఎస్‌పీ అడిగినచోట ఎస్‌ఎన్ పోయకూడదు.

చల్లగా ఉన్నప్పుడు ఎంత చిక్కగా ఉంటుంది. చిన్న ప్రయాణాల కారుకు నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గ్రేడ్‌లో రెండో అంకె, అంటే 30 లేదా 40, ఆయిల్ వంద డిగ్రీల దగ్గర ఎలా ఉంటుందో చెబుతుంది. మీ ఆయిల్ ఆ వంద డిగ్రీల ముఖం చూసేదే అరుదు. దాని జీవితమంతా ముప్పై డిగ్రీలకూ అరవై డెబ్బై డిగ్రీలకూ మధ్య గడిచిపోతుంది. మామూలు 5డబ్ల్యూ-30 సింథటిక్‌తో పోలిస్తే 20డబ్ల్యూ-40 మినరల్ నలభై డిగ్రీల దగ్గర సుమారు రెండింతల చిక్కగా ఉంటుంది. అంటే స్టార్ట్ చేసిన ప్రతిసారీ పంపు ఎక్కువ కష్టపడాలి, పైనున్న క్యామ్‌షాఫ్ట్‌కి ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా కొంచెం పోతుంది. అదే 10డబ్ల్యూ-30 సెమీనీ 5డబ్ల్యూ-30 ఫుల్లీనీ పక్కపక్కన పెడితే నలభై డిగ్రీల దగ్గర తేడా కొద్దిగానే ఉంటుంది. కాబట్టి డబ్బా మీద సింథటిక్ అని ఎంత పెద్దగా రాశారన్నది కాకుండా గ్రేడ్ అంకెలను చూడండి. అవి ఎంత చిన్నవైతే చల్లటి ఆయిల్ అంత పలచగా ఉంటుంది.

ఏడాదికి ఎన్నిసార్లు మారుస్తారు. ఎన్నిసార్లు మార్చాలని కాదు, నిజంగా మీరు ఎన్నిసార్లు మారుస్తారు? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే ఎంపిక సగం తేలిపోతుంది.

## మినరల్

ముడిచమురును శుద్ధి చేసి తీసిన ఆయిల్. అందులోని అణువులు చిన్నాపెద్దా కలగలిసి ఉంటాయి. కాబట్టి చలికి త్వరగా చిక్కబడుతుంది, వేడికి త్వరగా పలచబడుతుంది. దాన్ని సరిదిద్దడానికి కలిపే పాలిమర్లు వాడకంలో నలిగిపోయి కాలక్రమేణా పట్టు తప్పుతాయి.

ఇన్ని లోపాలున్నా, దగ్గరి ప్రయాణాల పాత కారుకు మినరల్‌ని నేను కొట్టిపారేయను. ఆరు నెలలకోసారి మార్చే అలవాటున్న మనిషి చేతిలో ఇది చక్కగా పనిచేస్తుంది. తక్కువ ధర కాబట్టి పారబోయడానికి మనసు ఒప్పుతుంది. పారబోసిన ప్రతిసారీ నీరు, పెట్రోల్, ఆమ్లం అన్నీ డ్రెయిన్ బోల్ట్ గుండా వెళ్లిపోతాయి. ప్రమాదమల్లా ధర తక్కువని మినరల్ పోసి, కిలోమీటర్లు కాలేదు కదా అని ఏడాదిన్నర అలాగే ఉంచేవాళ్లతోనే. హెడ్ కవర్ విప్పితే నల్లటి జెల్లీలా మడ్డి కనిపించేది ఎక్కువగా అలాంటి బండ్లలోనే.

## సెమీ సింథటిక్

మినరల్‌లో కొంత సింథటిక్ కలిపినది. ఆ కొంత అంటే ఎంత? అందరూ ఒప్పుకుని పాటించే కనీస శాతమంటూ ఏదీ లేదు. ఒకరి సెమీలో సింథటిక్ గణనీయంగా ఉండొచ్చు, ఇంకొకరి సెమీలో పేరుకే ఉండొచ్చు. అందుకే సెమీ కొనేటప్పుడు పేరు మీద ఆధారపడకుండా గ్రేడ్, ఏపీఐ అక్షరాలు చూసి కొనాలి. 5డబ్ల్యూ-30, ఎస్‌పీ అని రెండూ ఉన్న సెమీ ఆ పరీక్షలన్నీ దాటి వచ్చినదే. మన అవసరానికి అది చాలు.

మాన్యువల్ 5డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-30 అడిగే, టర్బో లేని చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి ఇది సరిగ్గా అతికినట్టు ఉంటుంది. చల్లటి స్టార్ట్‌లో ఫుల్లీకి దగ్గరగా నడుస్తుంది, ఆరు నెలలకోసారి మార్చినా జేబు బరువెక్కదు.

## ఫుల్లీ సింథటిక్

ఈ పేరు వినగానే ల్యాబ్‌లో అణువు అణువు పేర్చి చేసినదని చాలామంది అనుకుంటారు. అలాంటివీ ఉన్నాయి. కానీ డబ్బాల్లో ఫుల్లీ సింథటిక్ పేరుతో దొరికే వాటిలో ఎక్కువ భాగం ముడిచమురునే తీవ్రమైన ఒత్తిడిలో హైడ్రోజన్‌తో విడగొట్టి, అణువులను దాదాపు ఒకే తీరుకు తెచ్చిన గ్రూప్ 3 రకం. ఇది మోసమేమీ కాదు, పనితీరు నిజంగానే బాగుంటుంది. చలికి గడ్డకట్టే మైనం పోతుంది, వేడికి ఆవిరవడం తగ్గుతుంది, ఆక్సీకరణ నెమ్మదిస్తుంది.

ఈ లాభాల్లో దగ్గరి ప్రయాణాల కారుకు పనికొచ్చేది మొదటిది, అంటే చల్లగా ఉన్నప్పుడు తేలిగ్గా పారడం. వేడికి తట్టుకోవడం మీకు ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కున్నప్పుడు తప్ప అక్కరకు రాదు. ఎక్కువ కిలోమీటర్లు రావడమైతే అసలు అక్కరకు రాదు. ఇంకొకటి ఉంది: ఏడాదికి ఒక్కసారే మార్చే మనిషికి ఇది కొంత కాపుదల ఇస్తుంది. నీరు చేరడం ఆగకపోయినా, మూడింటిలో ఆ పన్నెండు నెలలు ఎక్కువ తట్టుకునేది ఇదే.

| చూడాల్సింది | మినరల్ | సెమీ | ఫుల్లీ |
|---|---|---|---|
| ఎక్కువగా దొరికే గ్రేడ్లు | 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-30 | 10డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-30 | 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 |
| చల్లటి స్టార్ట్ | నెమ్మది | బాగుంటుంది | అన్నిటికన్నా మెరుగు |
| నీరు, పెట్రోల్ చేరడం | ఆపదు | ఆపదు | ఆపదు |
| దగ్గరి ప్రయాణాల్లో మార్చే గడువు | ఆరు నెలలు | ఆరు నెలలు | వారానికో దూర ప్రయాణం ఉంటే ఏడాది, లేకపోతే ఆరు నెలలు |
| టర్బో ఇంజిన్ | వద్దు | వద్దు | ఇదే |

## ఒక కారు లెక్క వేసి చూద్దాం

1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, టర్బో లేదు. ఫిల్టర్‌తో కలిపి 3.5 లీటర్ల ఆయిల్ పడుతుంది. మాన్యువల్ 5డబ్ల్యూ-30 అడుగుతుంది, చలి లేనిచోట 10డబ్ల్యూ-30 కూడా సరేనంటుంది. మామూలు వాడకానికి పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. కఠిన వాడకం అని ఇంకో వరుస ఉంటుంది, అక్కడ ఐదు వేలు లేదా ఆరు నెలలు. చాలామంది ఆ వరుస ఎడారుల్లో, కొండల్లో తిరిగే బండ్ల కోసమనుకుని దాటేస్తారు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న జాబితా చదవండి. పదేపదే తక్కువ దూరం నడపడం అనేది సాధారణంగా అందులోనే ఉంటుంది.

ఈ కారు ఆఫీసు నాలుగు కిలోమీటర్లు. రానూపోనూ ఎనిమిది, నెలకు ఇరవైనాలుగు రోజులు. ఏడాదికి రెండు వేల మూడు వందలు. ఒకటి రెండు ఊరి ప్రయాణాలు కలిపితే మూడు వేలు. స్టార్ట్‌లు లెక్కేస్తే నెలకు యాభై, ఏడాదికి ఆరు వందలు. అంటే స్టార్ట్‌కి సగటున ఐదు కిలోమీటర్లు. ఇదే మూడు వేల కిలోమీటర్లను ఇంకో కారు అరవై స్టార్ట్‌లలో, స్టార్ట్‌కి యాభై చొప్పున తిరిగి ఉండొచ్చు. రెండు మీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి. లోపలి ఆయిల్స్ మాత్రం ఒకే వయసువి కావు.

ఇప్పుడు ఖర్చు. డబ్బాల ధరలు చోటును బట్టి మారతాయి కాబట్టి పాళ్లలో చూద్దాం. మినరల్ ఒక విడతకు పది పాళ్లు, సెమీ పదిహేను, ఫుల్లీ ఇరవైనాలుగు అనుకుందాం. ఫిల్టర్, మార్చే కూలీ కలిపి ఎనిమిది. మీ దగ్గరి ధరలు ఈ అంకెల స్థానంలో పెట్టుకోవచ్చు.

- మినరల్ ఏడాదికి రెండుసార్లు: 36
- సెమీ ఏడాదికి రెండుసార్లు: 46
- ఫుల్లీ ఏడాదికి ఒకసారి: 32
- ఫుల్లీ ఏడాదికి రెండుసార్లు: 64

చూడగానే ఆశ్చర్యం కలిగించేది మూడో వరుస. లీటరు ధరలో అన్నిటికన్నా ఖరీదైన ఆయిల్ ఏడాది ఖర్చులో అన్నిటికన్నా చౌక. కానీ దానికొక షరతు ఉంది. పన్నెండు నెలల పాటు ఆ ఆయిల్‌లో చేరిన నీరు, పెట్రోల్ ఎప్పటికప్పుడు బయటికి పోతుండాలి. అంటే వారానికోసారైనా కారు ఆగకుండా ముప్పై నలభై నిమిషాలు నడవాలి. ఇంటి ముందు నిలబెట్టి ఇంజిన్ ఆన్ చేసి వదిలేస్తే లెక్కలోకి రాదు. ఐడిల్‌లో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోల్ ఇంకాస్త చేరుతుంది. వారాంతంలో ఊరి చివర ఉన్న బంధువుల ఇంటికి వెళ్లొచ్చే అలవాటుంటే ఆ పని దానంతటదే అయిపోతుంది.

ఈ కారు నాదైతే, వారానికో దూర ప్రయాణం ఖాయమైతే ఫుల్లీ ఏడాదికోసారి పోస్తాను. ఖాయం కాకపోతే సెమీ 5డబ్ల్యూ-30, ఆరు నెలలకోసారి, ఫిల్టర్‌తో సహా. ఫుల్లీ ఏడాదికి రెండుసార్లు పోయడం తప్పేమీ కాదు గానీ, ఈ ఇంజిన్‌కి ఆ పైన పెట్టే పద్దెనిమిది పాళ్లకు తగ్గ ఫలితం కనపడదు. ఆ డబ్బును బ్యాటరీకి దాచుకోవచ్చు. దగ్గరి ప్రయాణాల కారులో ఆయిల్ కన్నా ముందు మొరాయించేది అదే.

## ఈ లెక్క చెల్లనివాళ్లు

చిన్న ఇంజిన్‌కి టర్బో ఉంటే బేరం లేదు. టర్బో బేరింగ్ దగ్గర వేడి మామూలు ఇంజిన్ ఆయిల్‌ చూసే వేడికి చాలా పైన ఉంటుంది. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకమైతే ఆయిల్‌లో కలిసే పెట్రోల్ కూడా ఎక్కువ. కాబట్టి మాన్యువల్ చెప్పిన ఫుల్లీ సింథటిక్, ఏపీఐ ఎస్‌పీ లేదా ఆపైది, అదీ ఆరు నెలలకే మార్చాలి. ఇక్కడ 64 పాళ్లూ పెట్టాల్సిందే.

కొన్ని చిన్న ఇంజిన్లలో టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. పెట్రోల్ కలిసిన ఆయిల్‌కి ఆ రబ్బరు నాని రాలిపోతే, ముక్కలు వెళ్లి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి. ఇలాంటి కారుకు సరైన గ్రేడ్ ఒక్కటే చాలదు, కారు కంపెనీ ఇచ్చిన ఆమోద సంఖ్య డబ్బా మీద ఉండి తీరాలి.

పొగ వడపోసే ఫిల్టర్ ఉన్న డీజిల్ కారుకు దగ్గరి ప్రయాణాలు అసలే పడవు. దానికి తక్కువ బూడిద రకం ఆయిల్ కావాలి. పై పట్టిక దానికి వర్తించదు.

పదిహేనేళ్ల కారు, ఇప్పటిదాకా మినరలే, అక్కడక్కడా చెమ్మలా ఆయిల్ కారుతోంది అనుకోండి. దాన్ని ఫుల్లీకి మార్చి తెచ్చుకునే లాభం తక్కువ. మార్చినంత మాత్రాన లీకులు పుట్టవు. గట్టిపడిన సీళ్ల దగ్గర మడ్డి అడ్డుగా ఉన్నచోట మాత్రం, శుభ్రపడ్డాక లీకు బయటపడుతుంది. అదే గ్రేడ్‌లో మినరల్ లేదా సెమీ ఆరు నెలలకోసారి చాలు. మడ్డి ఉందని అనుమానం ఉంటే ఫ్లష్ ఆయిల్ పోసి ఒక్కసారిగా కడిగించొద్దు. పెళ్లలుగా ఊడి పంపు జాలీకి అడ్డుపడుతుంది. వెయ్యి కిలోమీటర్లకోసారి చొప్పున రెండు మూడు సార్లు ఆయిల్, ఫిల్టర్ మారిస్తే నెమ్మదిగా శుభ్రమవుతుంది.

## ఆయిల్ ఏం చెబుతోందో చూడటం

రంగు చూసి తీర్పు చెప్పొద్దు. ఆయిల్ నల్లబడిందంటే అందులోని రసాయనాలు మసిని పట్టి ఉంచుతున్నాయని కూడా అర్థం. దగ్గరి ప్రయాణాల కారుకు చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

మొదటిది ఆయిల్ పోసే మూత. విప్పి అడుగు చూడండి. లేత పసుపు రంగు మీగడలాంటిది అంటుకుని ఉంటే అది ఆయిల్, నీరు కలిసిన నురగ. చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బండ్లలో ఇది మామూలే. నాకు తెలిసినవాళ్ల కారుకి ఇది కనపడితే ఒక మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ పోయిందని, ఇంజిన్ దించాలని చెప్పాడు. వాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ శుభ్రంగా ఉంది, కూలెంట్ మట్టం తగ్గలేదు, సైలెన్సర్ నుంచి ఆగని తెల్లపొగ లేదు. మూత తుడిచి, గంటసేపు హైవే మీద తిప్పమన్నాను. మళ్లీ చూస్తే మీగడ రాలేదు. డిప్‌స్టిక్ మీద కూడా కాఫీ రంగు నురగ ఉండి, కూలెంట్ తగ్గుతూ ఉంటే మాత్రం అది గ్యాస్కెట్ సంగతే. అప్పుడు నడపొద్దు.

రెండోది డిప్‌స్టిక్ మట్టం. సమతలంగా ఉన్నచోట, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు, నెలకోసారి చూసి రాసి పెట్టుకోండి. మట్టం తగ్గడం అందరూ గమనిస్తారు. పెరగడాన్ని పట్టించుకోరు. ఆయిల్ తనంతట తాను పెరగదు. పెరిగిందంటే పెట్రోలో నీరో చేరుతున్నట్టు. పెట్రోలైతే వాసన చూస్తే తెలుస్తుంది. పై గీత దాటితే గడువు కోసం ఆగకుండా మార్చేయాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఏడాదంతా ఊళ్లోనే తిరిగిన కారులో మట్టం చుక్క తగ్గలేదని మురిసిపోతుంటాం. పండక్కి మూడు వందల కిలోమీటర్లు వెళ్లొచ్చి చూస్తే అర అంగుళం దిగి ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ తాగేస్తోందని కంగారు పడతాం. నిజానికి నెలల తరబడి కాలిపోతున్న కొద్దిపాటి ఆయిల్ స్థానంలో నీరు, పెట్రోల్ నిలబడి మట్టం కాపాడుతూ వచ్చాయి. ఆ ఒక్క ప్రయాణంలో అవి ఆవిరయ్యాయి, ఉన్న ఆయిల్ మిగిలింది. అలాంటప్పుడు అదే గ్రేడ్ ఆయిల్ పై గీత వరకు పోయండి. అదే డబ్బా దొరక్కపోతే వేరే కంపెనీదైనా, మినరల్ మీద సెమీ అయినా కలపొచ్చు. ఏపీఐ ప్రమాణం ఉన్న ఆయిల్స్ ఒకదానితో ఒకటి విరగకుండా కలవాలన్నది నియమమే. ఒకేసారి పోసేయకుండా పావు లీటరు చొప్పున పోస్తూ, ప్రతిసారీ డిప్‌స్టిక్ చూసుకోండి. ఎక్కువైందాన్ని తీయడం కన్నా తక్కువైందాన్ని నింపడం తేలిక.